పుస్తకాల్లో 8.42 కోట్లు, జీఎస్టీఆర్-9లో 8.57 కోట్లు: 9సీలో ఈ తేడాకి ఏం రాయాలి?

మోటార్ల_షాపు_పద్దులు | 2024 డిసెంబర్ 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. తెనాలిలో మోటార్లు, పంపుసెట్లు, పైపులు అమ్మే షాపులో అకౌంటెంట్‌ని. సొంత వ్యాపారం, ఓనర్ గారి పేరు మీదే రిజిస్ట్రేషన్. మాకున్న జీఎస్టీ నంబర్ ఒక్కటే. నగదు లావాదేవీలు 5 శాతం దాటాయి కాబట్టి 2023-24కి ట్యాక్స్ ఆడిట్ చేయించాం, అది సెప్టెంబర్‌లోనే అయిపోయింది. ఆ ఆడిట్ రిపోర్టు 3సీడీ 40వ క్లాజులో టర్నోవర్ 8,42,60,000 వేశారు.

ఇప్పుడు వార్షిక రిటర్న్ జీఎస్టీఆర్-9 తయారు చేస్తుంటే టర్నోవర్ 8,57,35,000 వస్తోంది. 5ఎన్‌కి పదో టేబుల్ కలిపి, పదకొండో టేబుల్ తీసేశాకే ఈ అంకె. అంటే పుస్తకాల కంటే జీఎస్టీలో 14,75,000 ఎక్కువ.

ఇందులో రెండు నాకు తెలుసు. పాత జనరేటర్ 4,20,000కి అమ్మాం, అది సేల్స్ లెడ్జర్‌లోకి రాలేదు. చిన్న డీలర్లకి సంవత్సరం చివర ఇచ్చిన డిస్కౌంట్ 6,80,000. జీఎస్టీ లేని క్రెడిట్ నోట్లు ఇచ్చి పుస్తకాల్లో సేల్స్‌లోంచి తగ్గించాం. రెండూ కలిపితే 11 లక్షలు. మిగతా 3,75,000 ఎక్కడిదో అంతు పట్టడం లేదు. పుస్తకాలకీ రిటర్న్‌కీ తేడా చూపే 9సీలో, 5ఓ గడిలో 'ఇతర సర్దుబాట్లు' అని దాన్ని వేసేస్తే సరిపోతుందా? టైమ్ చూస్తే 31 దాకానే ఉంది. ఓనర్ గారు రోజూ అడుగుతున్నారు, టెన్షన్‌గా ఉంది.

---

జీఎస్టీ_గురు | డిసెంబర్ 9, రాత్రి 11:05

బ్రదర్, దీనికి టెన్షన్ ఎందుకు? పుస్తకాల కంటే జీఎస్టీలో తక్కువ చూపిస్తే డిపార్ట్‌మెంట్ వాళ్లు పట్టుకుంటారు. నువ్వు ఎక్కువ చూపించావు, పన్ను కూడా కట్టేశావు. వాళ్లకి నష్టం లేదు, అడిగేవాడు ఉండడు. 5ఓలో వేసి, మిగిలిన తేడా చూపే 5ఆర్ సున్నా చేసుకో. నేను నాలుగేళ్లుగా ఇలాగే చేస్తున్నా. ఒక్క నోటీసూ రాలేదు.

ఇంకోటి, ఆ క్రెడిట్ నోట్ల మీద జీఎస్టీ లేదు కాబట్టి 9సీలో వాటి ఊసే ఎత్తక్కర్లేదు.

---

కృష్ణాతీరం_సీఏ | డిసెంబర్ 10, ఉదయం 6:50

గురు గారు, మీ మొదటి మాట సగం వరకు నిజం. జీఎస్టీ ఆఫీసర్‌కి తేడా ఏ దిక్కుగా ఉందన్నది ముఖ్యమే. కానీ ఈయన ఓనర్ వేసే ఐటీఆర్-3లో జీఎస్టీ షెడ్యూల్ ఉంది, ఏఐఎస్‌లో కూడా జీఎస్టీ టర్నోవర్ కనిపిస్తుంది. జీఎస్టీలో 8.57 కోట్లు, లాభనష్టాల పట్టీలో 8.42 కోట్లు కనిపిస్తే, ఆ పదిహేను లక్షల అమ్మకం ఆదాయంలో ఎందుకు రాలేదని ఇన్‌కమ్ ట్యాక్స్ వైపు నుంచి అడుగుతారు. ఇక్కడ మేలు చేసిన ఎక్కువ అక్కడ అనుమానం అవుతుంది.

క్రెడిట్ నోట్ల విషయం మాత్రం పూర్తిగా తిరగబడింది. వాటి మీద జీఎస్టీ లేదు కాబట్టే 9సీలో రాయాలి. పుస్తకాల్లో అవి సేల్స్‌ని తగ్గించాయి. అమ్మకానికి ముందు ఒప్పందం లేని డిస్కౌంట్‌కి జీఎస్టీ విలువ తగ్గదని 2019 మార్చి 7 నాటి 92వ సర్క్యులర్‌లోనే ఉంది. పుస్తకాల్లో తగ్గి జీఎస్టీలో తగ్గలేదు కాబట్టి 9సీలో తిరిగి కలుపుతాం. దానికి 5జె అని గడే ఉంది.

తెనాలి బాబూ, ఆ 3,75,000 ఒక వస్తువు కాకపోవచ్చు. దాన్ని ఒక ముద్దగా చూడకు. మూడు ప్రశ్నలకి జవాబు చెప్పు.

బిల్లులో రవాణా ఛార్జీ వేస్తారా? వేస్తే ఆ లెడ్జర్ టాలీలో ఏ గ్రూపు కింద ఉంది?

ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టులు ఏమైనా ఉన్నాయా?

బ్యాంకు వడ్డీ ఎంత, దాన్ని జీఎస్టీఆర్-9లో ఎక్కడైనా చూపించావా?

---

కొత్త_డీలర్ | డిసెంబర్ 10, ఉదయం 8:12

నాకూ ఇదే సమస్య అండీ. మా 2బీలో వచ్చిన ఐటీసీకి, మేం 3బీలో తీసుకున్న దానికి 41,000 తేడా. సప్లయర్ ఫోన్ ఎత్తడం లేదు. ఈ 41,000 కూడా 5ఓలో వేయొచ్చా?

---

కృష్ణాతీరం_సీఏ | డిసెంబర్ 10, ఉదయం 8:30

కొత్త డీలర్ గారు, ఐదో టేబుల్ అమ్మకాల టర్నోవర్‌ది. మీది ఐటీసీ విషయం, 9సీలో అయితే పన్నెండో టేబుల్. అయినా మీ తేడా పుస్తకాలకీ రిటర్న్‌కీ మధ్య కాదు, 2బీకీ 3బీకీ మధ్య. వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ చూద్దాం. ఆ సప్లయర్ జీఎస్టీఆర్-1 వేశాడో లేదో ముందు పోర్టల్‌లో చూసుకోండి.

---

మోటార్ల_షాపు_పద్దులు | డిసెంబర్ 10, మధ్యాహ్నం 1:45

మేడమ్, మీరు అడిగిన మొదటి ప్రశ్నకే దొరికింది! 'ఫ్రైట్ కలెక్టెడ్' లెడ్జర్ ఇండైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్ కింద ఉంది. నాకంటే ముందున్న అకౌంటెంట్ పెట్టింది. బిల్లులో వసూలు చేసిన 3,90,000 అక్కడ క్రెడిట్ అయి, లారీలకి మేం కట్టిన కిరాయిలోంచి తగ్గిపోతోంది. లాభం మారదు కానీ సేల్స్‌లోకి రాలేదు. జీఎస్టీఆర్-1లో మాత్రం బిల్లు విలువలో భాగంగా వెళ్లింది.

3,75,000 రావాల్సిన చోట 3,90,000 వచ్చింది. ఇప్పుడు తేడా 15,000 మాత్రమే, అదీ ఇటు వైపు. 8.5 కోట్లలో 15,000 అంటే లెక్కలోకి రాదు కదా? టాలీ అయినట్టే అనుకుంటున్నా. కారణం గడిలో 'రౌండింగ్' అని రాసేయనా?

వడ్డీ 2,10,000 వచ్చింది, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద. జీఎస్టీఆర్-9లో చూపించలేదు. 8,42,60,000లోనూ అది లేదు, అది సేల్స్ అంకె మాత్రమే.

---

ఆర్టికల్_రెండో_ఏడు | డిసెంబర్ 10, మధ్యాహ్నం 2:20

15,000 రౌండింగ్ ఎలా అవుతుంది అన్నా? రౌండింగ్ అంటే బిల్లుకి యాభై పైసలు. మీకు ఎన్ని బిల్లులు ఉంటే 15,000 అవ్వాలి?

నాదో డౌట్. 3సీడీ 44వ క్లాజులో ఖర్చులన్నీ రిజిస్టర్డ్, అన్‌రిజిస్టర్డ్ అని విడగొట్టి చూపిస్తాం కదా. ఆ అంకెలు కూడా 9సీతో కలవాలా? మా ప్రిన్సిపల్ కలవాలంటారు, సీనియర్ అక్కర్లేదంటుంది.

---

కృష్ణాతీరం_సీఏ | డిసెంబర్ 10, సాయంత్రం 5:15

ఆర్టికల్ బాబు రౌండింగ్ గురించి అన్నది సరైన మాట.

44వ క్లాజు ఖర్చుల వైపుది. అందులో అంకె టర్నోవర్‌తో కలవదు, కలవాలని ఎవరూ అడగరు. ఐటీసీతో పోల్చి చూసే ఆఫీసర్లు ఉన్నారు, కానీ రిజిస్టర్డ్ డీలర్ దగ్గర కొన్న ప్రతిదానికీ క్రెడిట్ రాదు కాబట్టి అదీ సరిగ్గా కలవదు. మీ ప్రిన్సిపల్ గారూ సీనియరూ ఇద్దరూ కొంత కొంత సరే. ఈ కేసులో ట్యాక్స్ ఆడిట్ రిపోర్టుతో నిజంగా ముడిపడేవి రెండు. ఒకటి 40వ క్లాజు టర్నోవర్. రెండోది ఆ జనరేటర్. అది 18వ క్లాజులో డిప్రిసియేషన్ లెక్కలో, బ్లాకులోంచి తీసివేతగా 4,20,000 కనపడాలి. ఒకసారి చూడండి. అక్కడ వేరే అంకె ఉంటే రేపు ఇద్దరు ఆఫీసర్లకి రెండు కథలు చెప్పాల్సి వస్తుంది.

ఇక తెనాలి బాబూ, 15,000 దగ్గర ఆగకు. నా రెండో ప్రశ్నకి జవాబు రాలేదు. మెయింటెనెన్స్ కాంట్రాక్టులు ఉన్నాయా లేవా? ఉంటే ఆ 15,000 మారిపోతుంది. తేడా చిన్నదైతే లెక్క సరిపోయినట్టు కాదు.

---

మోటార్ల_షాపు_పద్దులు | డిసెంబర్ 10, రాత్రి 9:30

18వ క్లాజులో 4,20,000 ఉంది మేడమ్. హమ్మయ్య.

కాంట్రాక్టు ఒకటి ఉంది. ఒక అపార్ట్‌మెంట్ వాళ్ల మోటార్లన్నీ మేమే చూస్తాం. జనవరి నుంచి డిసెంబర్ వరకు ఏడాదికి 2,40,000, జనవరి 1నే మొత్తానికి బిల్లు వేస్తాం. ఆడిటర్ గారు మూడు నెలల 60,000 ఆదాయంగా తీసుకుని 1,80,000 బ్యాలెన్స్‌షీట్‌లో అప్పు వైపు పెట్టారు. అలాగే అంతకు ముందు ఏడాది అలా పెట్టిన 95,000 ఈ ఏడాది ఆదాయంలోకి వచ్చింది.

---

జీఎస్టీ_గురు | డిసెంబర్ 10, రాత్రి 9:52

అది అన్‌బిల్డ్ రెవెన్యూ. 5బీ, 5హెచ్.

---

కృష్ణాతీరం_సీఏ | డిసెంబర్ 11, ఉదయం 7:05

అన్‌బిల్డ్ కాదు గురు గారు, దానికి రివర్స్. అన్‌బిల్డ్ అంటే పని అయిపోయింది, ఆదాయం రాశాం, బిల్లు ఇంకా వేయలేదు. ఇక్కడ బిల్లు ముందే వేశారు, పన్నూ కట్టారు, పని మిగిలి ఉంది. 5హెచ్‌లో వేస్తే కలపాల్సింది తీసేసినట్టు అవుతుంది, తేడా రెట్టింపు అవుతుంది. దీనికి సొంత గడి లేదు, నేనైతే 5ఓలో వేస్తాను. 5ఓ వాడటం తప్పు కాదు. అందులో ఏముందో తెలియకుండా వాడటం తప్పు.

ఇప్పుడు మొత్తం వేద్దాం. పుస్తకాల టర్నోవర్ 8,42,60,000. దానికి జనరేటర్ 4,20,000, క్రెడిట్ నోట్లు 6,80,000, రవాణా 3,90,000, ఈ ఏడాది బిల్లు వేసి ఆదాయంగా తీసుకోని కాంట్రాక్టు 1,80,000 కలపాలి. క్రితం ఏడాదే పన్ను కట్టేసిన 95,000 తీసేయాలి. మొత్తం 15,75,000 పెరిగి 8,58,35,000 అవుతుంది. అదే నీ 5పీ.

జీఎస్టీఆర్-9లో ఉన్నది 8,57,35,000. అంటే జీఎస్టీలో ఉండాల్సిన దానికంటే సరిగ్గా లక్ష తక్కువ ఉంది.

నిన్న 15,000 అనుకుని సంతోషించావు. నిజమైన సర్దుబాటు ఒకటి వేయగానే అది లక్ష అయింది. పైగా దిక్కు చూడు, పన్ను తక్కువ కట్టిన దిక్కు.

---

గుంటూరు_ప్రాక్టీషనర్ | డిసెంబర్ 11, ఉదయం 9:40

మేడమ్ గారి లెక్క బాగుంది. వడ్డీ దగ్గర మాత్రం నాకు అభ్యంతరం. 2,10,000 వడ్డీ పన్ను మినహాయింపు ఉన్న సేవ కిందకే వస్తుంది. 12/2017 నోటిఫికేషన్‌లో 27వ ఎంట్రీ. మినహాయింపు ఇచ్చారంటేనే అది సరఫరా అని ఒప్పుకున్నట్టు. జీఎస్టీఆర్-9 5డీలో చూపించాలి, 9సీలో 5ఏలోనూ కలపాలి. నా క్లయింట్ ఒకాయనకి స్క్రూటినీలో ఇదే అడిగారు. పన్ను ఏమీ పడలేదు కానీ ఏఎస్‌ఎంటీ-11లో జవాబు రాసుకునేసరికి ఒక ఆదివారం పోయింది.

---

జీఎస్టీ_గురు | డిసెంబర్ 11, ఉదయం 10:15

బ్యాంకులో డబ్బు వేసుకుని వడ్డీ తీసుకుంటే అది బిజినెస్ సరఫరా ఎలా అవుతుంది సార్? మోటార్లు అమ్మేవాడు బ్యాంకుకి సేవ చేస్తున్నాడా? నేను ఎప్పుడూ చూపించలేదు, చూపించను.

---

కృష్ణాతీరం_సీఏ | డిసెంబర్ 11, ఉదయం 10:50

దీని మీద మా ఆఫీసులోనే రెండు వర్గాలు ఉన్నాయి. నేను చూపిస్తాను, నా పార్ట్‌నర్ చూపించరు. సంస్థ పేరు మీద కాకుండా ఓనర్ వ్యక్తిగత డిపాజిట్ అయితే ఇంకో చర్చ. ఐటీసీ రివర్సల్ లెక్కలో ఈ వడ్డీని ఎలాగూ తీసేయమన్నారు కాబట్టి డబ్బు పరంగా తేడా రాదు. చేయకూడనిది ఒక్కటే, ఒక వైపు కలిపి రెండో వైపు వదిలేయడం. ఇక్కడ రెండు వైపులా లేదు కాబట్టి లక్ష తేడాకి వడ్డీతో సంబంధం లేదు.

---

రెండు_రాష్ట్రాల_సరుకు | డిసెంబర్ 11, ఉదయం 11:30

నా కేసు కూడా చూడండి ప్లీజ్. మాకు విజయవాడలో ఒక నంబర్, హైదరాబాద్‌లో ఒక నంబర్. లాభనష్టాల పట్టీ రెండింటికీ కలిపి ఒకటే. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి సరుకు పంపినప్పుడల్లా ఇన్‌వాయిస్ వేసి ఐజీఎస్టీ కడతాం, ఏడాదికి 60 లక్షల దాకా ఉంటుంది. పుస్తకాల్లో అది సేల్ కాదు. విజయవాడ 9సీలో ప్రతి ఏడాదీ 60 లక్షలు ఎక్కువే వస్తోంది. భయమేస్తోంది.

---

కృష్ణాతీరం_సీఏ | డిసెంబర్ 11, మధ్యాహ్నం 12:10

మీకు అది రావాల్సిందే, రాకపోతేనే భయపడాలి. ముందు ఉమ్మడి టర్నోవర్‌ని రెండు నంబర్లకీ విడగొట్టి విజయవాడ వాటా మాత్రమే 5ఏలో వేయండి. బ్రాంచికి పంపిన సరుకు 5డీలో కలపండి, అది జీఎస్టీలో సరఫరాగా భావించేదే. రెండు 9సీల 5ఏ కలిపితే ఉమ్మడి పట్టీలో టర్నోవర్‌కి పైసాతో సహా రావాలి. ఈ విడగొట్టిన కాగితం ఆడిటర్ సంతకంతో దాచుకోండి. అడిగేది ముందు దాన్నే.

---

మోటార్ల_షాపు_పద్దులు | డిసెంబర్ 11, మధ్యాహ్నం 3:00

మేడమ్, లక్ష ఎక్కడ వెతకను? ఏడాదికి మూడు వేల పైచిలుకు బిల్లులు. ఒక్కోటి తిరగేస్తే సంక్రాంతి వచ్చేస్తుంది.

---

ఆర్టికల్_రెండో_ఏడు | డిసెంబర్ 11, మధ్యాహ్నం 3:35

అన్నా, టాలీ సేల్స్ రిజిస్టర్ ఎక్సెల్‌లోకి తీసుకో. పోర్టల్ నుంచి పన్నెండు నెలల జీఎస్టీఆర్-1 డౌన్‌లోడ్ చేసి వేరే షీట్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టు. షీట్ పేరు GSTR1, మొదటి కాలమ్‌లో బిల్లు నంబర్, నాలుగో కాలమ్‌లో విలువ. నీ రిజిస్టర్‌లో బిల్లు నంబర్ A కాలమ్‌లో, విలువ C కాలమ్‌లో ఉంటే పక్కన ఇది వేసి కిందకి లాగు:

```
=SUMIFS(GSTR1!D:D,GSTR1!A:A,A2)-C2
```

సున్నా రాని వరసలే చూడు. ఒక షీట్‌లో MS/417, ఇంకో షీట్‌లో ఉత్త 417 ఉంటే జాగ్రత్త, రెండింటినీ ఒకే రూపంలోకి తెచ్చుకున్నాకే వెయ్యి. నేను అలా చూసుకోక ఒక రాత్రంతా వృథా చేశా.

---

కృష్ణాతీరం_సీఏ | డిసెంబర్ 11, సాయంత్రం 6:20

ఇది రిజిస్టర్డ్ కస్టమర్ల బిల్లులకి పనిచేస్తుంది. జీఎస్టీ నంబర్ లేని కౌంటర్ అమ్మకాలు పోర్టల్‌లో బిల్లు వారీగా ఉండవు, నెలకి రేటు వారీ మొత్తంగానే వెళ్తాయి. వాటికి నెలల వారీగా రెండు మొత్తాలు పక్కపక్కన పెట్టు, తేడా ఏ నెలలో ఉందో తేలుతుంది. తేలిన నెలకి టాలీ జీఎస్టీఆర్-1 రిపోర్టులో 'అన్‌సర్టెన్ ట్రాన్సాక్షన్స్' తెరిచి చూడు. వివరాలు సరిగ్గా లేని బిల్లులు రిటర్న్‌లోకి వెళ్లకుండా అక్కడ పడి ఉంటాయి.

ఇంకో మాట. లక్ష అని ఒక్క లక్ష బిల్లు కోసమే వెతకకు. అటు కొంత, ఇటు కొంత పోయి మిగిలిన శేషం కావచ్చు.

---

మోటార్ల_షాపు_పద్దులు | డిసెంబర్ 12, రాత్రి 11:20

దొరికింది. మేడమ్ అన్నట్టే రెండు ముక్కలు.

ఒకటి మార్చి 30న వేసిన కౌంటర్ బిల్లు. ఒక రైతు రెండు సబ్‌మెర్సిబుల్ సెట్లు, పైపులు తీసుకున్నాడు, పన్ను కాకుండా 1,36,000. ఆ రోజు కొత్త ఐటమ్ క్రియేట్ చేసి జీఎస్టీ రేటు వివరాలు పెట్టలేదు. బిల్లులో పన్ను చేత్తో కొట్టారు. టాలీ దాన్ని అన్‌సర్టెన్‌లో పడేసింది, జీఎస్టీఆర్-1లోకీ 3బీలోకీ వెళ్లలేదు.

రెండోది 2023 మే నెలలో ఖమ్మం డీలర్ బిల్లు. సరుకు 2,00,000, ఐజీఎస్టీ 36,000, మొత్తం 2,36,000. అప్పటికి మాకు ఈ-ఇన్‌వాయిస్ లేదు, ఆగస్టు నుంచి వచ్చింది. పోర్టల్‌లో చేత్తో కొట్టేటప్పుడు సరుకు విలువ గడిలో 2,36,000 పెట్టాం. పన్ను 42,480 పడింది. 3బీలో అంతే కట్టాం.

ఒక చోట 1,36,000 తక్కువ, ఇంకో చోట 36,000 ఎక్కువ. మిగిలింది లక్ష.

---

జీఎస్టీ_గురు | డిసెంబర్ 12, రాత్రి 11:45

శభాష్. ఇక లక్ష మీద 18 శాతం, 18,000 కట్టి వదిలేయ్. అటు ఎక్కువ కట్టింది ఇటు సర్దుబాటు.

---

కృష్ణాతీరం_సీఏ | డిసెంబర్ 13, ఉదయం 7:15

సర్దుబాటు కుదరదు. రైతు బిల్లు రాష్ట్రంలోపలిది, సీజీఎస్టీ 12,240, ఎస్‌జీఎస్టీ 12,240. ఖమ్మం బిల్లులో ఎక్కువ కట్టింది ఐజీఎస్టీ 6,480. ఖాతాలు వేరు, నెలలు వేరు. ఆ మే బిల్లుని జీఎస్టీఆర్-1లో సవరించే గడువు నవంబర్ 30తో పోయింది. ఆ గడువులోపు దొరికి ఉంటే ఒక్క సవరణతో తీరిపోయేది. ప్రతి ఏడూ నవంబర్‌లోనే ఈ రీకో చేయమని నా క్లయింట్లకి గొంతు చించుకుంటాను. చేసేది ఇద్దరో ముగ్గురో.

రైతు బిల్లుకి దారి ఉంది. జీఎస్టీఆర్-9 ఇంకా ఫైల్ చేయలేదు కదా? వేశాక రివైజ్ చేసే వీలు ఉండదు, కాబట్టి ఇప్పుడే నాలుగో టేబుల్ 4ఏలో 1,36,000 కలిపి చూపించు. పన్ను 24,480 డీఆర్‌సీ-03లో, కారణంగా వార్షిక రిటర్న్ ఎంచుకుని కట్టు. నగదు లెడ్జర్ నుంచే కట్టమని ఫారం సూచనల్లో ఉంది, క్రెడిట్ లెడ్జర్ జోలికి పోకు. ఏప్రిల్ 21 నుంచి 18 శాతం వడ్డీ పడుతుంది. డిసెంబర్ 20న కడితే 244 రోజులు, సుమారు 2,946 రూపాయలు.

అప్పుడు జీఎస్టీఆర్-9 టర్నోవర్ 8,58,71,000 అవుతుంది. 5పీ 8,58,35,000. 5ఆర్‌లో 36,000 ఎక్కువగా మిగులుతుంది, మిగలనీ. దాన్ని సున్నా చేయడానికి ఏ సర్దుబాటూ కనిపెట్టకు. ఆరో టేబుల్‌లో కారణం ఇలా రాయి: 'ఫలానా నంబర్ ఇన్‌వాయిస్, 2023 మే, సరుకు విలువ 2,00,000కి బదులు పన్నుతో కలిపి 2,36,000గా జీఎస్టీఆర్-1లో నమోదైంది. ఐజీఎస్టీ 6,480 అధికంగా చెల్లించబడింది. పుస్తకాల్లో సరైన విలువ ఉంది.' చదివిన ఆఫీసర్ ఆ ఒక్క బిల్లు తీసి చూసుకుంటాడు, అక్కడితో అయిపోతుంది. 'రౌండింగ్' అని రాస్తే ఏడాది బిల్లులన్నీ అడుగుతాడు.

ట్యాక్స్ ఆడిట్ రిపోర్టు మార్చక్కర్లేదు. రెండు బిల్లులూ పుస్తకాల్లో సరిగ్గానే ఉన్నాయి, తప్పు రిటర్న్‌లోనే.

---

గుంటూరు_ప్రాక్టీషనర్ | డిసెంబర్ 13, ఉదయం 9:00

ఆ 6,480కి రీఫండ్ అడగొచ్చు. మే నెల పన్ను 2023 జూన్‌లో కట్టి ఉంటారు, రెండేళ్ల గడువు 2025 జూన్ దాకా ఉంది. 2 లక్షల లోపే కాబట్టి సీఏ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు, సొంత డిక్లరేషన్ చాలు. కానీ ముందు ఖమ్మం డీలర్‌ని కనుక్కోండి. వాళ్ల 2బీలో 42,480 కనపడి ఉంటుంది. బిల్లు ప్రకారం 36,000 క్రెడిట్ తీసుకున్నాడా, 2బీ చూసి 42,480 తీసుకున్నాడా? రెండోది అయితే మీకు రీఫండ్ ఇవ్వరు.

---

మోటార్ల_షాపు_పద్దులు | డిసెంబర్ 14, సాయంత్రం 4:40

ఓనర్ గారికి చెప్పాను. 24,480 కట్టడానికి ఒప్పుకున్నారు. ఆ రైతు దగ్గర పన్ను అప్పుడే వసూలు చేశాం కాబట్టి అభ్యంతరం చెప్పలేదు. వడ్డీ 2,946 మాత్రం 'ఐటమ్ క్రియేట్ చేసింది ఎవరు' అని రెండుసార్లు అడిగారు. ఫ్రైట్ లెడ్జర్‌ని ఈ ఏడాదికి సేల్స్ గ్రూపులోకి మార్చేశాను.

ఖమ్మం డీలర్ దగ్గర అకౌంటెంట్ ఫోన్‌లో దొరికాడు. 2బీలో ఉన్నది ఉన్నట్టు తీసుకున్నాం, 42,480 అన్నాడు. మా బిల్లు 36,000కే కదా అంటే, 'మాకు 2బీయే ప్రమాణం, తిరిగి ఇవ్వాలంటే మీ నుంచి లెటర్ కావాలి' అంటున్నాడు.

---

ఆర్టికల్_రెండో_ఏడు | డిసెంబర్ 14, సాయంత్రం 5:05

లెటర్ ఇస్తే వాళ్లు 6,480 వడ్డీతో రివర్స్ చేయాలి కదా? మీ 6,480 కోసం వాళ్లు వడ్డీ ఎందుకు కడతారు?

---

జీఎస్టీ_గురు | డిసెంబర్ 14, సాయంత్రం 5:30

కట్టరు. నాది రాసి పెట్టుకో.

---

కృష్ణాతీరం_సీఏ | డిసెంబర్ 14, రాత్రి 8:10

ఈసారి గురు గారితో ఏకీభవిస్తున్నాను. అయినా లెటర్ రాసి మెయిల్ చేయి బాబూ, కాపీ 9సీ ఫైలులో పెట్టు. ఆరో టేబుల్‌లో రాసిన కారణానికి అది రుజువు. 9సీకి ముందు జీఎస్టీఆర్-9 వేయి, డీఆర్‌సీ-03 చలాన్ నంబర్ చేతిలో పట్టుకుని వేయి. 28, 29 తేదీల దాకా ఆగితే పోర్టల్ సంగతి నీకే తెలుసు.